నెల రాకముందు ఒళ్ళు చెప్పే మాట

మమ్మల్ని ఆడవాళ్ళు ఎక్కువగా అడిగేది జ్వరం గురించి కాదు, పిల్లల టీకాల గురించీ కాదు. గెడ్డ దగ్గర బట్టలు ఉతుకుతూనో, సంతకి నడుస్తూనో, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని మెల్లగా అడుగుతారు. "అప్పా, రొమ్ములు సలుపుతున్నాయి. వికారంగా ఉంది. ఒళ్ళు లేవట్లేదు. నెల వస్తాదా, తప్పిందా?"

మేము ముగ్గురం. పాడేరు కొండల్లో ఒకే పంచాయతీలో మూడు గూడేలకి ఆశాలుగా తిరుగుతాం. మాలో ఒకరు కువి మాట్లాడే కోదు గూడెం మనిషి, ఇద్దరం భగతలం. ముగ్గురికీ పిల్లలున్నారు. కాబట్టి ఆ ప్రశ్న అడిగే మనిషి ముఖం ఎలా ఉంటుందో మాకు తెలుసు. పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండని పిల్ల ఆ మాట అడిగినప్పుడు ఒకలా ఉంటుంది. ముగ్గురు బిడ్డల తల్లి, చిన్నదింకా పాలు మానలేదనగా అడిగినప్పుడు ఇంకోలా ఉంటుంది. మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే. చెప్పే లక్షణాలూ అవే.

పెద్దవాళ్ళ దగ్గర దీనికి జవాబులున్నాయి. మొహం మీద నిగారింపు వస్తే కడుపే అంటారు. చింతపండు తినబుద్ధయితే కడుపే అంటారు. కుడి రొమ్ము ముందు బరువెక్కితే మగబిడ్డ అనేవాళ్ళూ ఉన్నారు. మా అత్తల నాలుక మీది అనుభవాన్ని మేము తీసిపారెయ్యం. ప్రసవం నొప్పులు ఏ రాత్రి మొదలవుతాయో వాళ్ళు చెప్పినంత సరిగ్గా మేము ఈనాటికీ చెప్పలేం. కానీ నెల రావాల్సిన రోజుకి ముందు, ఆ వారం పది రోజుల్లో, కడుపో కాదో ఒంటిని చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. డాక్టరమ్మ వల్ల కూడా కాదు. ఎందుకు కాదో తెలిస్తే సగం దిగులు పోతుంది. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాం.

ఆడదాని ఒంట్లో నెలకొక అండం విడుదలవుతుంది. అది నెల వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టే కంటే, తర్వాతి నెల రాబోయే రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే బాగా కుదురుతుంది. దాదాపు పద్నాలుగు రోజుల ముందు. అండం వెళ్ళిపోయాక అది ఉన్న చోట ఒక చిన్న గూడు మిగులుతుంది. ఆ గూడు ఊరికే ఉండదు, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. బిడ్డ వస్తే పడుకోవడానికి గర్భసంచిలో పరుపు మెత్తగా ఉంచడం దాని పని. బిడ్డ వస్తుందో రాదో దానికి తెలియదు. అయినా ప్రతి నెలా పరుపు వేసి ఉంచుతుంది.

ఆ హార్మోనే రొమ్ముల్ని బరువెక్కించి ముట్టుకుంటే నొప్పి పుట్టిస్తుంది. పేగుల కదలికని నెమ్మది చేస్తుంది, దాంతో కడుపు ఉబ్బి, తిన్నది కిందకి దిగనట్టు ఉంటుంది. మధ్యాహ్నం పూటే నిద్ర తూలేలా చేస్తుంది. నెల రాబోయే ముందు వచ్చే బాధలన్నిటి వెనకా ఇది ఉంది. కడుపు నిలిచిన మొదటి రోజుల్లో వచ్చే బాధల వెనకా ఇదే ఉంది. రెండు దార్లకీ మొదటి మైలు ఒకటే అన్నమాట. మనిషి ఏ దారిన పోతోందో ఆ మైలు దాటితే గానీ కనపడదు.

కడుపు నిలవకపోతే ఆ గూడు పన్నెండు పద్నాలుగు రోజులకి ఎండిపోతుంది. హార్మోన్ పడిపోతుంది, పరుపు ఊడిపోతుంది, ముట్టవుతుంది. ఒకటి రెండు రోజుల్లో రొమ్ముల సలుపు కూడా దిగిపోతుంది. కడుపు నిలిస్తే, అండం విడుదలైన ఆరో రోజు నుంచి పన్నెండో రోజు లోపు పిండం గర్భసంచి గోడకి అంటుకుంటుంది. ఎక్కువమందిలో ఎనిమిది నుంచి పది రోజుల మధ్య అంటుకుంటుంది. అంటుకున్నాకే అది హెచ్‌సీజీ అనే కొత్త హార్మోన్ వదలడం మొదలుపెడుతుంది. "నేను వచ్చాను, ఎండిపోకు" అని ఆ గూడుకి అందే కబురు అది. మూత్రంలో మనం చూసే గీత ఈ కబురుదే. అంటుకోకముందు కబురే లేదు. కబురు లేని రోజున "నాకు కడుపు వికారం తెలుస్తోంది" అనుకుంటే, ఆ వికారం ఏదో పాతదే, లేదా నిన్నటి ఎండుచేపదే.

వికారం సంగతి కొంచెం విడిగా చెప్పాలి. అందరూ ముందు నమ్మేది దాన్నే. వేవిళ్ళు సాధారణంగా ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తే అయిదు ఆరు వారాల దగ్గర మొదలవుతాయి. అంటే నెల తప్పిన తర్వాత ఒకటి రెండు వారాలకి. కొందరికి కాస్త ముందు, కొందరికి అసలు ఉండవు. కాబట్టి నెల ఇంకా వారం రోజులుందనగా వాంతి అయితే అది వేవిళ్ళు అయ్యే అవకాశం తక్కువ. నెల దాటి పది రోజులయ్యాక, అన్నం ఉడికే వాసనకి, ఇప్ప నూనె కాగే వాసనకి లేచి బయటికి పరిగెత్తితే, అది వేరే కథ. నెలసరి ముందు వికారం ఉండొచ్చు గానీ అది వాసనని పట్టుకుని ఇలా తరమదు, నెల వచ్చాక తగ్గిపోతుంది.

ఇలా చూస్తే లక్షణాలు పనికిరానివేం కాదు. అవి ఏమిటన్నది కాదు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాయన్నది చూడాలి. రొమ్ముల నొప్పి నెలతో పాటు దిగిందా, నెల రోజు దాటినా పెరుగుతోందా? అలసట రెండో రోజుకి పోయిందా, మూడో వారానికీ ఉందా? ఈ ప్రశ్నలకి జవాబు చెప్పాలంటే ఒక్కటి కావాలి. నెల ఎప్పుడు రావాలో తెలిసి ఉండాలి.

మా గూడేల్లో తేదీలు రాసుకునే అలవాటు తక్కువ. "ఎప్పుడు బయటయ్యావే?" అంటే, "మొన్న పెద్ద సంతకి ముందు", "వలిసెలు పూసినప్పుడు", "చోడి నాట్లు అయ్యాక" అంటారు. మేము దాన్ని తప్పు పట్టం. సంతలు వారానికోసారి వస్తాయి గనక సంతల లెక్క మీద తేదీ ఒకటి రెండు రోజుల తేడాతో దొరుకుతుంది. ముట్టయిన రోజుల్లో పొయ్యి దగ్గరికి వెళ్ళని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ పద్ధతి మీద మాలో మాకే వాదనలున్నాయి, అవి ఇక్కడ వద్దు. కానీ ఆ ఇళ్ళల్లో తేదీ అడిగితే మనిషి మర్చిపోయినా అత్తగారు చెప్తుంది, ఆ మూడు రోజులూ ఎసరు పెట్టింది తను కదా. ఇప్పుడు చాలామందితో మేము గోడ మీద బొగ్గుతో గీత పెట్టిస్తున్నాం. కొట్టువాళ్ళు సంతలో ఇచ్చే క్యాలెండర్ ఉంటే దాని మీద చుక్క పెడతారు. రక్తం బాగా కనపడిన మొదటి రోజున ఒక్క చుక్క, అంతే. ఆరిపోయిన రోజు అక్కర్లేదు.

ఇక ఒకామె సంగతి చెప్తాం. మా ముగ్గురిలో ఒకరికి వదిన వరస. ఇరవై నాలుగేళ్ళు, మూడేళ్ళ కొడుకున్నాడు. ఈ సంగతి అచ్చు వెయ్యడానికి ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది.

ఆమె క్యాలెండర్ మీద నాలుగు చుక్కలున్నాయి. ఏప్రిల్ 3, మే 5, జూన్ 7, జూలై 8. మధ్యలో రోజులు లెక్కపెడితే 32, 33, 31. అంటే ఆమెకి నెల ఇరవై ఎనిమిది రోజులకి రాదు. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై మూడు మధ్య వస్తుంది. జూలై 8 తర్వాత రావాల్సింది ఆగస్టు 8, 9, 10 తేదీల్లో. వెనక్కి పద్నాలుగు రోజులు లెక్కేస్తే అండం విడుదలైంది దాదాపు జూలై 25 నుంచి 27 లోపు.

ఆగస్టు 1న రొమ్ములు సలపడం మొదలైంది. పొలంలో కలుపు తీస్తుంటే కళ్ళు మూతలు పడుతున్నాయంది. రెండో బిడ్డ కావాలని ఉందామెకి, వెంటనే కడుపే అనుకుంది. మేము వెనక నెలల సంగతి అడిగాం. జూలై మొదటి వారంలో ఎలా ఉంది? ఆలోచించి, "అప్పుడూ ఇలాగే సలిపాయి, నెల రాగానే పోయాయి" అంది. ఆ జవాబు వల్ల కడుపు కాదని తేలదు, అవునని కూడా తేలదు. మైలు ఇంకా పూర్తి కాలేదు.

ఆగస్టు 5న ఆమె తోడికోడలు లెక్కపెట్టి, "ఇరవై ఎనిమిది రోజులు నిండాయి, నెల తప్పినట్టే" అని పట్టుబట్టి పరీక్ష చేయించింది. ఒకే గీత. ఇంట్లో అందరూ తేలిపోయిందనుకున్నారు. కానీ ఆగస్టు 5 అంటే అండం విడుదలైన పదో రోజు, ఇంకా అటూ ఇటూ. పిండం అప్పుడప్పుడే గోడకి అంటుకునే సమయం. హెచ్‌సీజీ రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. మొదటి రోజుల్లో అది పట్టీకి అందనంత తక్కువ. ఆ రోజు వచ్చిన ఒక్క గీతకి "లేదు" అని అర్థం కాదు, "ఇప్పుడే అడగొద్దు" అని అర్థం.

మర్నాడు, 6వ తేదీన ఆమెకి చలిజ్వరం వచ్చింది. వానాకాలంలో మా దగ్గర చలిజ్వరం అంటే ముందు మలేరియాకే చూస్తాం. వేలి మీద పొడిచి కిట్ మీద రక్తపు చుక్క వేస్తే వైవాక్స్ అని తేలింది. అలసట, వికారం, ఒళ్ళు నొప్పులు మలేరియాలోనూ ఉంటాయి. ఒకే ఒంట్లో ఇప్పుడు మూడు కారణాలు కలిశాయి.

ఇక్కడే అసలు చిక్కు. వైవాక్స్ మలేరియాకి రెండు మందులుంటాయి. క్లోరోక్విన్ మూడు రోజులు, అది గర్భిణులకి కూడా ఇస్తారు. ప్రిమాక్విన్ పద్నాలుగు రోజులు, అది కాలేయంలో దాక్కున్న క్రిముల్ని చంపి జ్వరం మళ్ళీ రాకుండా చేస్తుంది. ప్రిమాక్విన్ గర్భిణులకి ఇవ్వకూడదు. కొందరి రక్తంలో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువుంటుంది, వాళ్ళకి ఆ మందు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. తల్లికి ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేసి చూడొచ్చు, కడుపులో బిడ్డకి ఉందో లేదో చూడలేం. అందుకని ఇవ్వరు.

ఆమెకి కడుపుందా లేదా? 6వ తేదీన ఎవరికీ తెలియదు. ఏఎన్ఎం క్యాలెండర్ అడిగింది. చుక్కలు చూసి, ముందురోజు పరీక్షని లెక్కలోకి తీసుకోకుండా, క్లోరోక్విన్ ఇచ్చి, పీహెచ్‌సీ డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, ప్రిమాక్విన్ ఆపింది. నెల వస్తే ఇద్దాం, రాకపోతే మళ్ళీ పరీక్ష చేశాక చూద్దాం అంది. ఆ మందు కొద్ది రోజులు ఆగినా ప్రాణానికి ముప్పు లేదు. చూసుకోకుండా ఇస్తే తర్వాత వెనక్కి తీసుకోలేం.

మూడు రోజులూ ఆమె వాంతులు చేసుకుంది. తోడికోడలు ఇప్పుడు మళ్ళీ మాట మార్చి, "చూశారా వేవిళ్ళు" అంది. కాదు. క్లోరోక్విన్ చేదు బిళ్ళ, ఖాళీ కడుపున వేసుకుంటే ఎవరికైనా తిప్పుతుంది. గంజి తాగాక వేసుకోమంటే మూడో రోజు నిలిచింది.

ఆగస్టు 8న లంగా మీద గోధుమరంగు మరక పడింది. రెండు చుక్కలు, అంతే. "నెల వచ్చేసింది, మందు ఇచ్చెయ్యండి" అని కబురు వచ్చింది. మేము వెళ్ళి అడిగాం. గుడ్డ మార్చాల్సి వచ్చిందా? లేదు. మామూలుగా ఆమెకి మొదటి రోజు ఎలా అవుతుంది? ఎర్రగా, రెండు గుడ్డలు తడుస్తాయి, నడుం నొప్పి ఉంటుంది. ఈసారి నొప్పి లేదు, రొమ్ముల సలుపు దిగలేదు. మర్నాటికి మరక కూడా లేదు. కడుపు నిలిచిన కొందరిలో నెల రావాల్సిన రోజుల దగ్గర ఇలా కొద్దిగా మరక కనపడుతుంది. అలాగని మరక కనపడితే కడుపే అనీ కాదు, మామూలు ముట్టు కూడా ఒకోసారి మరకతో మొదలవుతుంది. ఒక రోజు ఆగితే ముట్టయితే పారుతుంది. దీన్ని నెలగా లెక్కేసి చుక్క పెట్టి ఉంటే ప్రిమాక్విన్ ఇచ్చేసేవాళ్ళు, తర్వాత కాన్పు తేదీ కూడా నెల రోజులు తప్పిపోయేది.

10వ తేదీ దాటింది. 12న పొద్దున్నే మళ్ళీ పరీక్ష చేశాం. రెండో గీత వచ్చింది, వెలుగులో పెట్టి చూస్తే గానీ కనపడనంత సన్నగా, లేత గులాబీ రంగులో. 15వ తేదీన మళ్ళీ చేస్తే మొదటి గీతంత చిక్కగా ఉంది. ఆ రోజే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టి, పేరు రాసుకున్నాం. జూలై 8 నుంచి ఆరు వారాలు నిండింది ఆగస్టు 19న. 20న చేపల పులుసు వాసనకి ఆమె ఇంట్లోంచి బయటికి వచ్చి కూర్చుంది. అసలు వేవిళ్ళు అప్పుడు వచ్చాయి, అంతకుముందు వచ్చినవన్నీ మందువీ, జ్వరానివీ.

పరీక్ష ఎలా చెయ్యాలో ఇక్కడ చెప్పేస్తాం, చాలామంది తప్పు చూసి ఏడవడమో, పండగ చెయ్యడమో జరుగుతోంది. మా దగ్గరుండే నిశ్చయ్ కిట్ ఉచితం, మందుల షాపులో కొనేవీ అలాగే పనిచేస్తాయి. పొద్దున్న లేవగానే మొదటి మూత్రం పట్టాలి. రాత్రంతా నిల్వ ఉంటుంది గనక అందులో హెచ్‌సీజీ చిక్కగా ఉంటుంది. అంతకుముందు చెంబుడు నీళ్ళు తాగితే పలచబడిపోతుంది. శుభ్రమైన గిన్నెలో పట్టి, కిట్‌తో ఇచ్చిన పిల్లరుతో పట్టీ మీది గుంటలో మూడు చుక్కలు వెయ్యాలి. నేల మీద బల్లపరుపుగా ఉంచి అయిదు నిమిషాలు ఆగాలి. ఆ పెట్టె మీద ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు అని రాసి ఉంటే అదే పాటించాలి.

సి అనే అక్షరం దగ్గర గీత తప్పనిసరిగా రావాలి. అది రాకపోతే పట్టీ పాడైంది, ఏ జవాబూ లేనట్టే. వంటింటి పైకప్పు కింద తడిలో పెట్టినవీ, తేదీ దాటినవీ ఇలా అవుతాయి. టి దగ్గర రెండో గీత ఎంత సన్నగా ఉన్నా, దానికి రంగుంటే, సమయంలోపు వస్తే, అది అవునన్నట్టే. అరగంట తర్వాత వెళ్ళి చూస్తే ఆరిపోయిన చోట బూడిదరంగు గీతలా కనపడొచ్చు, దాన్ని లెక్కపెట్టకూడదు. నెల రావాల్సిన రోజు దాటాక చేస్తే ఈ పరీక్షని బాగా నమ్మొచ్చు. అప్పుడూ ఒక గీతే వచ్చి, నెల రాకపోతే, వారం ఆగి మళ్ళీ చెయ్యాలి. అండం ఆ నెల ఆలస్యంగా విడుదలై ఉండొచ్చు. జ్వరం వచ్చిన నెలల్లో, తిండి సరిగా లేని నెలల్లో అలా జరుగుతుంది.

రెండోసారీ ఒక గీతే వచ్చి, నెలా రాకపోతే అది కడుపు సంగతి కాదు, వేరే సంగతి. ఆ పని మాది కాదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. అలసట ఒక్కటే మిగిలి, రొమ్ముల నొప్పీ అవీ లేకపోతే, మేము ముందు కింది కనురెప్ప లాగి చూస్తాం. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తపరీక్ష. కడుపు లేని ఆడదానికి హిమోగ్లోబిన్ 12 కి తగ్గకూడదు, కడుపుతో ఉంటే 11 కి తగ్గకూడదు. మా కొండల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. నెల ముందు అలసటే కదా అని ఏళ్ళ తరబడి సర్దుకుపోయిన పిల్లల్లో అది బయటపడింది.

వదినకి గోడ మీద చుక్కలున్నాయి గనక లెక్క కుదిరింది. కొందరికి చుక్కలు పనికిరావు. పాలిస్తున్న తల్లికి నెల ఇంకా మొదలు కాకపోవచ్చు. మొదటి ముట్టుకి ముందే అండం విడుదలవుతుంది గనక, ఒక్కసారి కూడా ముట్టు కాకుండానే మళ్ళీ కడుపు రావొచ్చు. మూడు నెలల అంతరా సూది వేయించుకున్న వాళ్ళకి నెల ఆగిపోవడం మామూలే, అప్పుడప్పుడు మరకలు పడతాయి, రొమ్ములు సలుపుతాయి. సూది సమయానికి వేయించుకుంటే కడుపు వచ్చే అవకాశం చాలా తక్కువ, రెండు మూడు వారాలకి మించి ఆలస్యమైతే మాత్రం అడగాలి. నెల ఎప్పుడొస్తుందో చెప్పలేని పిల్లలూ ఉన్నారు, ఒకసారి ఇరవై అయిదు, ఒకసారి నలభై అయిదు. వీళ్ళందరికీ మేము వేరే లెక్క చెప్తాం. మొగుడితో కలిసిన ఆఖరి రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు. మూడు సంతలు. అప్పుడు చేసిన పరీక్షలో ఒక గీతే వస్తే ఆ కలయిక వల్ల కడుపు రాలేదని నమ్మొచ్చు. ఈ ప్రశ్న అడగడానికి మాకు మొదట్లో నోరు వచ్చేది కాదు, ఇప్పుడు వస్తుంది.

ఒక్కటి మాత్రం ఏ లెక్కకీ ఆగకూడదు. రెండు గీతలు వచ్చాక, లేదా నెల తప్పాక, పొత్తికడుపులో ఒకవైపే పోటు పుట్టి, కళ్ళు తిరిగి, భుజం నొప్పి వచ్చి, కొద్దిగానైనా రక్తం కనపడితే, పిండం గర్భసంచిలో కాక పక్క గొట్టంలో నిలిచి ఉండొచ్చు. అది పగిలితే లోపలే రక్తం పోతుంది, బయటికి కనపడేది కొంచెమే. "నెల ముందు నొప్పిలే" అని కషాయం పెట్టి పడుకోబెట్టకూడదు. రోడ్డు లేని గూడెం అయితే డోలీ కట్టి వెంటనే బయల్దేరాలి, అంబులెన్స్ రోడ్డు దగ్గరికి వచ్చేలా ముందే ఫోన్ చెయ్యాలి.

వదినకి ఇప్పుడు అయిదో నెల. నాలుగో నెల నుంచి ఇనుము మాత్ర వేసుకుంటోంది. ప్రిమాక్విన్ ఇంకా బాకీ ఉంది, కాన్పు అయ్యాక డాక్టర్ చెప్పినప్పుడు వేసుకోవాలి. ఈలోపు ఒళ్ళు వెచ్చబడితే చాలు, రక్తపు చుక్క తీసి చూస్తున్నాం, దాక్కున్న క్రిమి మళ్ళీ లేస్తుందేమోనని. కాన్పు తేదీ జూలై 8 నుంచి 280 రోజులు లెక్కేస్తే ఏప్రిల్ 14 అవుతుంది. ఆమె నెల నాలుగు రోజులు పెద్దది కాబట్టి 18 దగ్గరగా అవ్వొచ్చని డాక్టరమ్మ అంది. ఇటుకల పండగ రోజుల్లోనే పడేలా ఉంది. ఊళ్ళో మగవాళ్ళంతా వేటకి పోతే డోలీ మొయ్యడానికి ఎవరుంటారని వాళ్ళత్త ఇప్పటినుంచే నలుగురు కుర్రాళ్ళ పేర్లు అడిగి పెట్టుకుంది.